పోలిగాడి తల, పులుసు చట్టి

(సంక్రాంతి సెలవుల్లో సూళ్లూరుపేటలో మా మిద్దె మీద ఆడేందుకు. దండేనికి తెల్ల దుప్పటి, దాని వెనక ఒకే బల్బు. ట్యూబ్‌లైట్ పెడితే నీడలు అలుక్కుపోతాయి. బొమ్మలన్నీ పాత శుభలేఖ అట్టలే, కొబ్బరి ఈనెలకు అతికించినవి. తల్లి గూడబాతు నోరు తెరుచుకునేలా దవడ దగ్గర దారం ముడి. బంగారక్క, జుట్టు పోలిగాడు మన తోలుబొమ్మలాటలో వాళ్లే. కాకపోతే ఇక్కడ బూతుల్లేవు.)

(దీపం వెలుగుతుంది. నీళ్లలో కడప చెట్టు, దాని మీద గూడు. పోలిగాడు గంతులేస్తూ వస్తాడు.)

బంగారక్క: ఒరే పోలిగా, యాడికి పోతుండావురా?

పోలిగాడు: నేలపట్టు చెరువుకక్కా! గూడబాతులు వచ్చుండాయంట. పిల్లలూ, మీరూ వస్తారా?

(పిల్లలు "వస్తాం" అనేదాకా ఆగాలి.)

పోలిగాడు: ఏందీ? నా చెవిలో జుట్టుంది, వినపళ్లా!

(మళ్లీ అరిపించాలి. తల్లి గూడబాతు వచ్చి గూట్లో వాలుతుంది.)

పిల్ల గూడబాతు: క్రీ... క్రీ... అమ్మా, ఆకలి!

తల్లి: ఆ... తెరిచా. దూరు నాయనా.

(తల్లి నోరు బారెడు తెరుస్తుంది. పిల్ల మెడదాకా లోపల దూరుస్తుంది. ఇక్కడ తొందర వద్దు. అందరూ చూడాలి.)

పోలిగాడు: అయ్యయ్యో! పిల్లని మింగేస్తుండాదే! అక్కా! ఉండు, నేను పెద్దోణ్ణయిపోతా!

(బొమ్మని దుప్పటి నుంచి దీపం వైపు మెల్లగా జరపాలి. నీడ పెరిగి పెరిగి దుప్పటంతా నిండుతుంది.)

పోలిగాడు (బొంగురు గొంతుతో): వదులూ... పిల్లనీ... వదులూ!

(పిల్ల తల బయటికి లాగుతుంది. నోట్లో చేప!)

పిల్ల: ఏందమ్మా ఈ గోల? అన్నం తిననీయడా?

తల్లి: ఎవరయ్యా నువ్వు? నా ముక్కు కింద ఉండేది సంచి. చేపలు కడుపులో దాచి తెచ్చి, అందులోకి కక్కి మా బిడ్డకి పెడతా. మాకు గిన్నెలు గరిటెలు ఉండాయా?

పోలిగాడు: అంటే... మింగలేదా?

పిల్లలందరూ: మింగలేదు!

(నీడ చిన్నదై చిన్నదై బొటనవేలంత అవుతుంది. అందుకు అట్టతో చేసిన బుల్లి పోలిగాణ్ణి దుప్పటికి ఆనించాలి.)

బంగారక్క: సిగ్గుతో చిక్కిపోయాడు పాపం! రారా, చేపల పులుసు పెట్టుండా. మామిడికాయ వేసి.

(మళ్లీ మామూలు పోలిగాడు. మధ్యలో పెద్ద చట్టి.)

పోలిగాడు: చేత్తో ఎందుకక్కా? నేనూ గూడబాతు పిల్లలాగే తింటా!

(తల చట్టిలో పెడతాడు. జుర్ర్... జుర్ర్... ఆగిపోతుంది.)

పోలిగాడు (చట్టిలోంచి): అక్కో... తల రావడంలా!

బంగారక్క: ఖర్మ! పిల్లలూ, లాగుదాం రండి. ఒకటీ... రెండూ...

(పిల్లలు "మూడు" అనగానే ఠప్‌మని దీపం ఆర్పాలి. చీకట్లో ఇత్తడి గిన్నె ఒకటి దొర్లించాలి.)