మా పాప జనన ధృవీకరణ పత్రంలో పేరు సరిచేయమని దరఖాస్తు

బరంపురం, 9 ఫిబ్రవరి 2026

జనన మరణాల రిజిస్ట్రార్ గారికి,
మునిసిపల్ కార్పొరేషన్, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.

విషయం: ఆలస్యంగా నమోదైన జనన రికార్డులో (నమోదు నంబరు 1187/2024, నమోదు తేదీ 22 ఆగస్టు 2024) మా అమ్మాయి పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ సరిచేయడం గురించి.

అయ్యా,

నా పేరు పొట్నూరు రమణారావు, పెద్ద బజారులో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఒడియా బాగానే మాట్లాడతాను కానీ రాయడం రాదు, అందుకే తెలుగులో రాస్తున్నాను. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా అధికారికి విన్నపం ఇవ్వొచ్చు. మీకు ఇబ్బంది కాకూడదని ఒడియా అనువాదం కూడా వెనకాల పెట్టాను.

ఆ పత్రంలో మా పాప పేరు ఇంగ్లీషులో BAISHNABI PATNURU అని ఉంది. ఉండాల్సింది VAISHNAVI POTNURU. అదే కాగితంలో తండ్రి పేరు దగ్గర నా ఇంటిపేరు POTNURU అని సరిగ్గానే ఉంది, అంటే ఒకే పత్రంలో తండ్రికి ఒక ఇంటిపేరు, కూతురికి ఇంకొకటి.

ఇది ఎలా జరిగిందో చెబుతాను, ఎవరి మీదా ఫిర్యాదు కాదు. మనం తెలుగులో వైష్ణవి అనే పేరును ఒడియాలో రాసేటప్పుడు "వ" బదులు "బ" అక్షరమే రాస్తారు, వాళ్లు పలికేదీ అలాగే, అది ఒడియాకి తప్పు కాదు. పొట్నూరులో మొదటి అక్షరం కూడా అంతే, ఒడియాలో ఉత్త "ప" రాస్తే "పొ" అనే చదువుతారు, దాన్నే ఇంగ్లీషులోకి దింపితే PA అయిపోతుంది. మా ఫారం నింపిపెట్టిన ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి ఒడియా కాగితం చూసి ఇంగ్లీషు గడి నింపాడు. నేను తేదీ, తల్లిదండ్రుల పేర్లు మాత్రం చూసుకుని సంతకం పెట్టేశాను, పాప పేరు అక్షరం అక్షరం చదవలేదు. అది నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. ఒడియాలో ఉన్న పేరును మార్చమని అడగడం లేదు, అది అలాగే ఉండనివ్వండి, ఇంగ్లీషు గడి ఒక్కటే సరిచేయండి చాలు.

నమోదు ఎందుకు ఆలస్యమైందన్నది మీ ఫైల్లోనే ఉంది, అయినా మళ్లీ చెప్తాను, ఎందుకంటే పేరు సంగతి కూడా అక్కడే మొదలైంది. పాప 14 మే 2020న తెల్లవారుజామున ఇంట్లోనే పుట్టింది, లాక్‌డౌన్ రోజులు, నొప్పులు రాత్రిపూట మొదలైతే బండి దొరకలేదు, మా వీధిలోని మంత్రసాని వచ్చి పురుడు పోసింది. నేను అప్పుడు సూరత్‌లో పవర్‌లూమ్ పనిలో ఇరుక్కుపోయి ఉన్నాను. మే చివర్లో శ్రామిక్ రైలు దొరికి, వచ్చి, క్వారంటైన్ అయ్యాక జూన్‌లో పాప ముఖం చూశాను. బారసాల అప్పటిదాకా ఆపారు నా కోసం. బియ్యంలో పేరు నా చేత్తోనే రాశాను, "వైష్ణవి" అని. ఇంట్లో పుట్టిన బిడ్డను 21 రోజుల్లోపు నమోదు చేయించాల్సింది ఇంటి పెద్ద అని మా అమ్మకు తెలియదు, ఆమెకు చదువు రాదు, నేను ఊళ్లో లేను. తర్వాత పనులు వెతుక్కోవడంలో ఏళ్లు గడిచిపోయాయి. ఏడాది దాటింది కాబట్టి 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 13వ సెక్షన్ ప్రకారం 2024లో అఫిడవిట్ ఇచ్చి, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గారి ఉత్తర్వు తెచ్చుకుని, ఆలస్య రుసుము కట్టి నమోదు చేయించాను. ఆ ఉత్తర్వు ఒడియాలో ఉంది, అందులో పాప పేరు సరిగ్గానే ఉంది.

ఇంక అసలు మాట. కొంతమంది నాతో "ఇది పేరు మార్పు, గెజిట్ వేయించాలి" అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదండి. పేరు మార్పు అంటే ఒక పేరు పెట్టి, వాడి, తర్వాత వేరే పేరు పెట్టుకోవడం. మా పాపను ఒక్క రోజు కూడా ఎవరూ "బైష్ణబి" అని పిలవలేదు, ఏ కాగితంలోనూ ఆ స్పెల్లింగ్ లేదు ఈ ఒక్క పత్రంలో తప్ప. రిజిస్టర్‌లో ఎంట్రీ రూపంలోగానీ విషయంలోగానీ తప్పుగా పడితే సరిచేసే అధికారం 15వ సెక్షన్ మీకే ఇచ్చింది, పాత ఎంట్రీని చెరపకుండా పక్కన మార్జిన్‌లో సరైనది రాసి, తేదీ వేసి, సంతకం చేస్తారు. పాత రాత ఎలాగూ పోదు, రికార్డు నిజాయితీకి ఏ లోటూ రాదు. దీన్ని అక్షరదోషంగానే చూడమని నా మనవి. ఒకవేళ పెద్ద తప్పుగా పరిగణించినా సిద్ధంగానే ఉన్నాను, సంగతి తెలిసిన ఇద్దరి వాంగ్మూలాలు కూడా తెచ్చాను, ఒకరు పురుడు పోసిన మంత్రసాని, ఇంకొకరు బారసాలకు వచ్చిన మా పక్కింటి పెద్దాయన. ఇద్దరినీ మీరు ఎప్పుడు పిలిచినా తీసుకొస్తాను.

వీటితో పాటు అసలు జనన పత్రం, మేజిస్ట్రేట్ గారి ఉత్తర్వు నకలు, పాప టీకాల కార్డు (అందులో ఏఎన్‌ఎం అమ్మ ఇంగ్లీషులోనే Vaishnavi అని రాసింది, 2020 తేదీలతో సహా, అన్నిటికంటే పాత రుజువు అదే), ఇప్పుడు చదువుతున్న ప్రైవేటు బడి గుర్తింపు కార్డు, నా ఆధార్, నా భార్య ఆధార్, తప్పు ఎక్కడ పడిందో వివరించే నా స్వయం ప్రకటన, అన్నీ జత చేశాను. అసలు కాగితాలు కూడా చేతిలో ఉన్నాయి, చూసి వెంటనే ఇచ్చేయండి, ముఖ్యంగా టీకాల కార్డు, దాని అంచులు చిరిగిపోతున్నాయి.

తొందర ఎందుకంటే, పాపకు మే నెలలో ఆరేళ్లు నిండుతాయి, ఏప్రిల్‌లో ఒకటో తరగతిలో చేర్పించాలి. బడి రిజిస్టర్‌లో జనన పత్రంలో ఉన్న పేరే ఎక్కిస్తాం అన్నారు, అది ఎక్కితే పదో తరగతి సర్టిఫికెట్ దాకా అదే వస్తుంది. ఆధార్ కూడా ఇంకా తీయించలేదు, తప్పు స్పెల్లింగ్‌తో తీయించి మళ్లీ దాన్ని కూడా దిద్దించుకోవడం ఎందుకని ఆగాను. అసలే కూలీ పోగొట్టుకుని రోజులు రోజులు తిరగడం మా లాంటి వాళ్లకు కష్టం, ఒక్క రోజు రాకపోతే కొట్టులో జీతం కోస్తారు.

కాబట్టి మార్చి నెలాఖరులోపు సరిచేసిన పత్రం ఇప్పించమని కోరుతున్నాను. దీనికి రుసుము ఎంతైతే అంత కట్టి రసీదు తీసుకుంటాను. ఇంకేదైనా కాగితం తక్కువైతే దయచేసి నోటి మాటగా కాకుండా ఈ దరఖాస్తు నకలు మీదే రాసి ఇవ్వండి, ఒకేసారి అన్నీ తెచ్చుకుంటాను. సరిచేయడం కుదరదు అనుకుంటే ఆ కారణం కూడా రాతపూర్వకంగా ఇవ్వండి, పైవాళ్ల దగ్గరికి ఏం పట్టుకెళ్లాలో నాకు తెలుస్తుంది. ఈ దరఖాస్తు అందినట్టు నకలు మీద ముద్ర, తేదీ వేసి ఇవ్వమని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
పొట్నూరు రమణారావు
(పాప వైష్ణవి తండ్రి)
గోసాని నువాగావ్, బరంపురం