గులాబీ చీటీ ఒక్కటే కాదు, తెల్ల చీటీ కూడా మీ ఓటే

ఊరి అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పెద్దలందరికీ నమస్కారం. డిసెంబర్ 14, ఆదివారం మన ఊళ్లో గ్రామ పంచాయతీ పోలింగ్. మన యువజన సంఘంలో ఎవరూ పోటీలో లేరు, ఎవరికీ ప్రచారం చేయడం లేదు. ఫలానా వాళ్లకు వేయండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు, ఎవరికి వేయాలన్నది పూర్తిగా మీ ఇష్టం.

వారం రోజులుగా హోటల్ దగ్గర, చెట్టు కింద, వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడ చూసినా సర్పంచ్ ముచ్చటే. మీ వార్డు మెంబర్‌గా ఎవరెవరు నిలబడ్డారని అడిగితే సగం మంది ఆలోచనలో పడుతున్నారు, కొందరికి అసలు తమది ఏ వార్డో కూడా తెలియదు. మాకు బాధ అనిపించింది అక్కడే.

ఆ రోజు మీ చేతికి రెండు బ్యాలెట్లు ఇస్తారు. గులాబీ రంగుది సర్పంచ్‌కు, తెల్లది వార్డు మెంబర్‌కు. చాలామంది తెల్లదాన్ని అంతగా పట్టించుకోకుండా ఏదో ఒక గుర్తు మీద గుద్ది వచ్చేస్తారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మీ వాడకట్టులో మోరీ నిండి నీళ్లు రోడ్డు మీదికి వస్తే, వీధి లైటు నెల రోజులుగా వెలగకపోతే, నల్లా నీళ్లు చివరి ఇళ్లకు ఎక్కకపోతే పంచాయతీ మీటింగులో లేచి అడగాల్సింది మీ వార్డు మెంబరే. పైగా ఉప సర్పంచ్‌ను మనం నేరుగా ఎన్నుకోం, గెలిచిన వార్డు మెంబర్లు తమలో ఒకరిని ఎన్నుకుంటారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ చెక్కు మీద సర్పంచ్ సంతకంతో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలి. అంటే ఊరి డబ్బు మీద రెండో సంతకం ఎవరు పెట్టాలన్నది ఆ తెల్ల చీటీ నుంచే మొదలవుతుంది. దాన్ని చిన్నదనుకుంటే ఎలా చెప్పండి?

ఊరికి డబ్బు రాదు కదా అనే మాట కూడా విన్నాం. 2024 ఫిబ్రవరి నుంచి మనకు ఎన్నికైన పాలకవర్గం లేదు, ప్రత్యేక అధికారి పాలనే నడిచింది. పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగుతాయి. ఆ గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. ఏ సంవత్సరం ఏ పని కింద ఎంత ఖర్చు రాశారో egramswaraj.gov.in లో మన జిల్లా, మండలం, ఊరు పేరు పెట్టి ఎవరైనా చూడొచ్చు. గ్రామసభ కూడా రెండు నెలలకు ఒకసారి జరగాలని అదే చట్టంలో ఉంది. ఓటు అడగడానికి ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరినీ, ఏ గుర్తు అయినా సరే, ఈ ఒక్కటి అడగండి: గ్రామసభ ఎప్పుడు పెడతారు, లెక్కలు అందరి ముందు చదువుతారా? వాళ్ల జవాబు ఎలా ఉందో మీరే చూసుకోండి.

ఇక బ్యాలెట్ సంగతి, ఇది ఇంట్లో అవ్వకు, తాతకు తప్పకుండా చెప్పండి. పంచాయతీ ఎన్నికల్లో మిషన్ ఉండదు, కాగితమే. ఆ కాగితం మీద అభ్యర్థుల పేర్లు, ఫొటోలు ఉండవు, గుర్తులే ఉంటాయి. ఇవి పార్టీ గుర్తులు కావు, రాష్ట్ర ఎన్నికల సంఘం ఇచ్చినవి. సర్పంచ్‌కు నిలబడ్డవాళ్ల గుర్తులు వేరు, వార్డుకు నిలబడ్డవాళ్ల గుర్తులు వేరు, కాబట్టి రెండు గుర్తులు గుర్తుపెట్టుకుని వెళ్లాలి. ఎవరూ నచ్చకపోతే చివర్లో నోటా ఉంటుంది. వాళ్లిచ్చిన ముద్రతోనే, ఒక చీటీ మీద ఒక్క గుర్తుకే వేయాలి. రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే, రెండింటికీ వేస్తే, వేలిముద్ర పెడితే, సంతకం చేస్తే ఆ ఓటు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. మడిచేటప్పుడు ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవండి, లేకపోతే ఇంకా ఆరని సిరా పక్క గుర్తుకు అంటుకుంటుంది. పంచాయతీల్లో గెలుపు ఓటములు చాలాసార్లు పది ఇరవై ఓట్ల మీదే తేలుతాయి, సమానంగా వస్తే లాటరీ తీస్తారు. చెల్లని ఓటు ఎంత నష్టమో అర్థం చేసుకోండి.

పోలింగ్ ఉదయం 7 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట వరకే. అసెంబ్లీ ఎన్నికల్లాగా సాయంత్రం దాకా ఉంటుందనుకుని వంటలు, పొలం పనులు అయ్యాక వెళ్దామంటే గేటు మూసేస్తారు. ఒంటి గంట లోపు లైన్‌లో నిలబడ్డవాళ్లకు అవకాశం ఇస్తారు. రెండు గంటల నుంచి లెక్కింపు, ఫలితం ఆ రోజే. హైదరాబాద్‌లో పని చేసుకునే మన తమ్ముళ్లు ఆదివారం పొద్దున బస్సు ఎక్కితే టైముకు అందుకోలేరు, దయచేసి శనివారం రాత్రికే ఊరికి చేరండి. బస్సు చార్జీ ఎవరో పెడతామంటే మాత్రం వద్దనండి.

డబ్బు గురించి సూటిగా రాస్తున్నాం. ఇవ్వడం నేరం, తీసుకోవడం కూడా నేరం. పోయినసారి ఒక ఇంట్లో పసుపు బియ్యం చేతిలో పెట్టి ఒట్టు వేయించుకున్నారని మాకు తెలుసు, ఆ పెద్దమ్మ పోలింగ్ రోజు దాకా భయంతో సరిగా నిద్రపోలేదు. అవ్వా, ఆ ఒట్టుకు భయపడకండి. బలవంతంగా వేయించిన ఒట్టు మీ ఓటును కట్టేయదు, లోపల మీరు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు. అందుకే ఫోన్ లోపలికి తీసుకెళ్లకండి, ఫొటో తీసి చూపించమని ఎవరైనా అడిగితే నాకు కుదరదు అని గట్టిగా చెప్పండి. మన ఊరి జనాభా 5,000 లోపే కాబట్టి సర్పంచ్ అభ్యర్థి ఖర్చు 1.5 లక్షలు దాటకూడదు. ఊరంతా కనపడుతున్న ఖర్చును మీరే లెక్క వేసుకుని, ఆ డబ్బు తర్వాత ఎక్కడ నుంచి తిరిగి రాబట్టుకుంటారో కూడా ఆలోచించండి.

మన పది వార్డుల్లో రెండు ఏకగ్రీవం అయ్యాయి. ఆ రెండు వార్డుల వాళ్లకు గులాబీ చీటీ ఒక్కటే ఇస్తారు, తెల్లది ఇవ్వలేదని కంగారు పడకండి. అందరూ మనస్ఫూర్తిగా మాట్లాడుకుని ఒకరిని ఒప్పుకుంటే మంచిదే, కానీ కొన్ని చోట్ల పదవిని వేలం పాటలో పెడుతున్నట్టు వింటుంటాం. గుడికో బడికో డబ్బు ఇస్తామన్నా సరే, అది మిగతావాళ్ల ఓటు హక్కును అమ్మేయడమే. ఊరి మేలు కోసం కదా అని తల ఊపకండి.

ఓటరు కార్డు లేకపోయినా జాబితాలో పేరు ఉంటే ఆధార్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి చూపించి ఓటు వేయొచ్చు. వార్డుల వారీ జాబితా పంచాయతీ ఆఫీసులో అంటించారు, అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు వేశాం కదా అని ఊరుకోకుండా మీ పేరు ఏ వార్డులో ఉందో చూసుకోండి. ఇంట్లో పెళ్లయి వచ్చిన కోడలి పేరు ఉందో లేదో ముఖ్యంగా చూడండి. మీరు వెళ్లేసరికే మీ పేరు మీద ఎవరైనా ఓటు వేసేసి ఉంటే గొడవ పడి వెనక్కి రాకండి, ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి.

బుధవారం, డిసెంబర్ 10 సాయంత్రం 7 గంటలకు గ్రంథాలయం ముందు కూర్చుంటాం. గులాబీ కాగితం, తెల్ల కాగితం పెట్టి, ఎన్నికల్లో లేని పువ్వులు, కాయగూరల బొమ్మలు గీసి ముద్ర వేయడం, మడవడం చూపిస్తాం. ఏ అభ్యర్థి పేరూ అక్కడ ఎత్తం, కండువాలు వేసుకుని రావద్దని అందరికీ ముందే చెప్పాం. జాబితా కాపీ కూడా ఉంటుంది, మీ వార్డు నంబరు, క్రమ సంఖ్య చిన్న చీటీ మీద రాసిస్తాం. నడవలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ రోజే చెప్పండి, బూత్ దగ్గర చక్రాల కుర్చీ కోసం పంచాయతీ కార్యదర్శిని ముందుగానే అడుగుతాం. మీ అవ్వను, తాతను వెంట తీసుకుని రండి.

మన ఊరి యువజన సంఘం సభ్యులు