నీ ఉత్పలమాల చూశాను: పాదం పాదం నా పరిశీలన

గుంటూరు, బ్రాడీపేట
ఆదివారం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పద్యం అందింది. దసరా కవి సమ్మేళనంలో చదవడానికి ముందు ఒకసారి చూడమన్నావు. నాలుగు పాదాల్లో మొదటిది నిలబడింది. మిగతా మూడింటిలో ఒక్కోదానిలో ఒక్కో తప్పు ఉంది. టెన్షన్ పడకు, అన్నీ దిద్దుకోదగ్గవే. నువ్వు రాసింది ఇది:

తీరము దాటి కృష్ణ నడి తేలెడు నావలు దీపమాలలై
దూరపు కొండ మీద గుడి గంటలు మోగెను సందెవేళలన్
జారిన మల్లెపువ్వులకు చల్లని గాలి సవ్వడి వచ్చెనే
వీధుల నెల్ల సంబరము వేడుకతో బెజవాడ నిండెనే

ఉత్పలమాలకు గణాలు భ, ర, న, భ, భ, ర, వ. పాదానికి 20 అక్షరాలు. మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ యతి, రెండో అక్షరం ప్రాస. నీ నాలుగు పాదాల్లోనూ 20 అక్షరాలు ఉన్నాయి. వేళ్ల మీద లెక్కపెట్టావని తెలుస్తోంది. కానీ లెక్క సరిపోయినంత మాత్రాన గణాలు సరిపోయినట్టు కాదు.

మొదటి పాదం. దీన్ని ఇలా విడదీయాలి:

```
తీరము | దాటికృ | ష్ణనడి | తేలెడు | నావలు | దీపమా | లలై
 UII  |  UIU  |  III  |  UII  |  UII  |  UIU  |  IU
  భ   |   ర   |   న   |   భ   |   భ   |   ర   |  వ
```

గణాలన్నీ సరిగ్గా పడ్డాయి. 'దాటి'లో 'టి' పక్కన ప్రశ్నార్థకం పెట్టావు, వెనక 'కృ' ఉంది కాబట్టి అది గురువవుతుందేమోనని. కాదు. వట్రసుడి అచ్చు, ఒత్తు కాదు, కాబట్టి దాని ముందు అక్షరం లఘువుగానే ఉంటుంది. 'కృ' మాత్రం గురువే, ఎందుకంటే దాని వెనక 'ష్ణ' అనే సంయుక్తాక్షరం ఉంది. ఒకే మాటలో రెండు సంగతులూ కనిపిస్తున్నాయి, గుర్తుంచుకో. యతి తీ–తే: హల్లు ఒకటే, ఈ–ఏలకు మైత్రి ఉంది. ప్రాస ర.

ఛందస్సుతో సంబంధం లేని మాట ఒకటి. 'దీపమాలలై' అన్నాక క్రియ రావాలి, రాలేదు. వాక్యం గాలిలో ఉండిపోయింది. 'దీపమాలలే' అంటే గురువు గురువుగానే ఉంటుంది, వాక్యమూ పూర్తవుతుంది.

రెండో పాదం. గణాలు బాగున్నాయి, ప్రాస ర ఉంది, యతి లేదు. దూ–గం: ద, గ వేరే వర్గాలవి, ఊ–అ అచ్చులకూ మైత్రి లేదు. నువ్వు చేసింది నాకు అర్థమైంది. పదో అక్షరం దగ్గర కొత్త మాట మొదలైతే చాలనుకున్నావు. సంస్కృతంలో యతి అంటే ఆగడం, అక్కడ అది చెల్లుతుంది. మన తెలుగులో అక్షరం అక్షరంతో కలవాలి. మాట విరిగినా విరగకపోయినా పర్వాలేదు.

'గంటలు' వదులుకోకు, అవి ఉండాలి. మార్చాల్సింది మొదటి మాటనే. 'గం'కు క, ఖ, గ, ఘలలో ఏదో ఒకటి కావాలి, దాని మీద అ, ఆ, ఐ, ఔలలో ఏదో ఒక అచ్చుండాలి. రెండో అక్షరం రకారం, మొదటిది గురువు. ఇన్ని షరతులకూ ఒదిగే మాట ఇంద్రకీలాద్రి మీదే దొరికింది:

గౌరికి కొండ మీద గుడి గంటలు మోగెను సందెవేళలన్

పిల్లలు ఔకారానికి ఉ, ఊలతో మైత్రి అనుకుని తరచూ పొరబడతారు. దాని చోటు అకారం వరసలోనే. అయినా 'దూరపు కొండ' అని ఎందుకు రాశావురా? దుర్గా ఘాట్‌లో నిలబడి తలెత్తితే కొండ నెత్తిమీదే ఉంటుంది కదా!

మూడో పాదం. యతి జా–చ కుదిరింది: చ, ఛ, జ, ఝలూ శ, ష, సలూ ఒక జట్టు, ఆ–అలకు మైత్రి. ప్రాసా ఉంది. గణాలు చెడ్డాయి:

```
జారిన | మల్లెపు | వ్వులకు | చల్లని | గాలిస | వ్వడివ | చ్చెనే
 UII  |  UIU  |  III  |  UII  |  UIU  |  IIU  |  IU
```

అయిదో చోట భగణం రావాలి, రగణం వచ్చింది. ఆరో చోట రగణం రావాలి, సగణం వచ్చింది. 'సవ్వడి'లో 'స' చూడటానికి పొట్టిది కాబట్టి లఘువనుకున్నావు. వెనక 'వ్వ' ఉంది, అది 'స'ను గురువు చేసింది. 'మల్లె', 'చల్లని' దగ్గర ఇదే నియమాన్ని సరిగ్గా వాడావు, ఇక్కడ తొందరపడ్డావు.

'సవ్వడి' తీసేయమంటాను. పై పాదంలో గంటలు మోగుతూనే ఉన్నాయి, మళ్లీ చప్పుడెందుకు? పువ్వులకు సవ్వడి రావడమేమిటో కూడా నాకు బోధపడలేదు. ఇంకోటి, దసరా నాటికి మల్లెలెక్కడివి? వేసవితోటే పోయాయి. వన్‌టౌన్ పూలబజారులో ఆ రోజుల్లో బంతి కదా రాశులు పోసేది!

జారిన బంతిపువ్వులను చల్లని గాలులు చల్లుచుండగన్

'మల్లె' చోట 'బంతి' వేసినా రగణం చెదరదు. 'బం' సున్నాతో గురువు, 'తి' లఘువు, 'పు' వెనక 'వ్వు' ఉంది కాబట్టి గురువు. చల్లని–చల్లు అనుకోకుండా వచ్చిన సొగసు, ఉంచుకో.

నాలుగో పాదం. నాకు బాగా నచ్చింది ఇదే. 'వేడుకతో బెజవాడ నిండెనే' అని ఊరి పేరు గణాల్లో ఇంత హాయిగా కూర్చోవడం మెచ్చుకోవాల్సిన విషయం. గణాలు సరి. యతి వీ–వే సరి. ప్రాస తప్పింది: మూడు పాదాల్లో రకారం, ఇక్కడ ధకారం. వృత్తంలో ఇది క్షమించరు. సభలో ముందు వరసలో కూర్చునే పెద్దలు మొదట పట్టుకునేది దీన్నే.

నువ్వు మార్జిన్‌లో పెన్సిల్‌తో 'బారులు తీరి' అని రాసి పెట్టావు. అదీ కుదరదు. రకారం దొరుకుతుంది గానీ యతి పోతుంది. బ–వ హల్లులకు మైత్రి ఉంది, నిజమే, కానీ ఆ–ఏ అచ్చులకు లేదు. యతికి హల్లూ అచ్చూ రెండూ కలవాలి. అందుకే వృత్తం రాసేటప్పుడు మొదటి రెండు అక్షరాలు తేల్చుకోకుండా పాదం మధ్యలోకి వెళ్లకూడదు. మొదటిది యతికి కట్టుబడింది, రెండోది ప్రాసకు. ఇక్కడ కావలసింది ప, ఫ, బ, భ, వలలో ఒకటి, దాని మీద ఇ, ఈ, ఎ, ఏలలో ఒక అచ్చు, అదీ గురువుగా, వెనక రకారం:

భేరుల తోడ సంబరము వేడుకతో బెజవాడ నిండెనే

సంబరమూ వేడుకా ఒకటే కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగనీ. సభకు టైముంటే 'సంబరము' చోట ఇంకో మాట వెతుకు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అక్షరాలు వరసగా గురువు, లఘువు, లఘువు, లఘువు ఉండాలి, అంతే.

అన్నీ దిద్దాక ఇలా నిలిచింది:

తీరము దాటి కృష్ణ నడి తేలెడు నావలు దీపమాలలే
గౌరికి కొండ మీద గుడి గంటలు మోగెను సందెవేళలన్
జారిన బంతిపువ్వులను చల్లని గాలులు చల్లుచుండగన్
భేరుల తోడ సంబరము వేడుకతో బెజవాడ నిండెనే

చదివేటప్పుడు పదో అక్షరం దగ్గర కాస్త నొక్కి పలుకు. యతి వినిపించాలి, రాగం తీయక్కర్లేదు.

రెండో కాగితంలోని కంద పద్యం ఇంకా చూడలేదు. నువ్వే ముందు గణాలు విడదీసి పంపు. బేసి గణాల్లో జగణం రాకూడదు, ఆరో గణం జగణమో నలమో అయి తీరాలి. ఆ రెండూ సరిచూశాకే నాకు పంపాలి. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య