బాలమ్మ గదిలో లైటు

జంగయ్య ఇంట్లో దొంగలు పడ్డారని నాకు చెప్పింది పాలు పోసే పిల్ల. పొద్దున ఏడు కూడా కాలేదు. నేను బ్రష్షు నోట్లో పెట్టుకునే వాకిట్లోకి వచ్చి చూస్తే, ఎదురింటి ముందు అప్పటికే పదిమంది ఉన్నారు.

చండూరు దగ్గరి ఊరు అది. నేను అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. 2018లో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది కదా, దానికి ఆరేళ్ల ముందటి మాట. ఆ వారం మా ఊరికి త్రీఫేజు రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా వచ్చేది. మిగతా టైంలో ఇండ్లల్లో బల్బులు వెలిగేవి గానీ బోర్లు, గిర్ని నడిచేవి కావు.

జంగయ్య కుటుంబమంతా చెర్వుగట్టు జాతరకు పోయింది. ఇంట్లో ఉన్నది ముసలి తల్లి బాలమ్మ ఒక్కతే. ముందురోజు సాయంత్రం వ్యాపారి వచ్చి బత్తాయి కాయల చివరి కిస్తీ రెండు లక్షల నలభై వేలు ఇచ్చిపోయాడు. శనివారం సాయంత్రం కాబట్టి బ్యాంకు మాటే లేదు. జంగయ్య అరుగు మీద కూర్చుని ఆ డబ్బును లక్షా ఇరవై చొప్పున రెండు కట్టలు కట్టి, తల్లి గది పక్క అర్రలో సందుగలో పెట్టి, తాళంచెవి దేవుడి పటం వెనక వేశాడు. లెక్కపెట్టేటప్పుడు అరుగు మీద ఇంకో ముగ్గురు ఉన్నారు: తోట చూసుకునే యాదగిరి, ట్రాక్టర్ నడిపే సత్తయ్య, పక్కింట్లో ఉండే అన్న కొడుకు శేఖర్. పొద్దున జాతర నుంచి వచ్చి చూస్తే సందుగ మూత తెరిచి ఉంది. ఒక కట్ట లేదు. రెండోది అక్కడే ఉంది.

"పోలీసుల్ని పిలుద్దామా?" అన్నాను.

"ముందు నర్సింహన్నను పిలుద్దాం సారూ," అన్నాడు జంగయ్య.

నర్సింహ మా మండలంలో ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైనాడు. ఊళ్లో గట్టు పంచాయితీ నుంచి తప్పిపోయిన బర్రె దాకా ఏది వచ్చినా జనం ఆయన దగ్గరికే పోయేవాళ్లు. ఎందుకంటే ఆయన మాట్లాడడు, అడుగుతాడు. ఏది అడిగినా ఏదో స్తంభం చూసినట్టు పైకి చూస్తూ అడుగుతాడు. ఆ రోజు కూడా వచ్చీ రాగానే ఇంట్లోకి పోలేదు. రోడ్డు మీద నిలబడి ముందు స్తంభం చూశాడు. నేనూ చూశాను. జంగయ్య ఇంటి సర్వీసు వైరు, శేఖర్ వాళ్ల ఇంటి సర్వీసు వైరు రెండూ ఒకే తీగకు కట్టి ఉన్నాయి. వీధి లైటుది, నా గదిది వేరే తీగ. అందులో ఏముందో నాకు తోచలేదు.

తర్వాత బాలమ్మ మంచం పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నిదానంగ చెప్పు. ఏం ఇన్నవ్?"

"ఏం చెప్పాలె నర్సింహా. బోర్లు మొదలైన సప్పుడు ఇన్న. గంతల్నే కరెంటు పోయింది. నిద్ర పట్టక నామాలు సదువుకుంట పండుకున్న. కొంచెం సేపటికి సందుగ మూత కిర్రుమన్నది. పిల్లగాడు జాతర నుంచి వచ్చిండేమో అని 'వచ్చినవా బిడ్డా' అని పిలిచిన. పలుకు లేదు. పిల్లి అనుకున్న."

"కొంచెం సేపు అంటే?"

"విష్ణునామాలు సగం అయినయ్."

బయటికి వచ్చాక నేను నర్సింహతో చెప్పాను, ముసలామె టైం తప్పు చెబుతోందని. నేను ఎదురుగానే పరీక్ష పేపర్లు దిద్దుతూ పదకొండు దాకా లైటు వేసుకునే కూర్చున్నాను. కరెంటు పోలేదు. వీధి లైటు కూడా వెలుగుతూనే ఉంది. ఆయన "ఆఁ" అని ఊరుకున్నాడు.

శేఖర్ మాటతో నా అనుమానం బలపడింది. అమ్మానాన్నలు జాతరకు పోతే అతనొక్కడే ఇంట్లో ఉన్నాడు.

"రాత్రి టీవీల సినిమా చూసిన మామా. పన్నెండుకు అయిపోయింది. పండుకుందామని లేచినప్పుడే కరెంటు పోయింది. గంతే, మళ్ల పొద్దున్నే లేచిన."

"ఇన్వర్టర్ ఉన్నదా మీకు?"

"మాకు యాడిది మామా, చార్జింగ్ లైటు కూడా లేదు."

సరిగ్గా కుదిరింది అనుకున్నాం అందరం. కరెంటు పోయింది పన్నెండుకు, సందుగ తెరిచింది ఆ తర్వాత. పన్నెండు దాటాక ఊళ్లో మెలకువగా తిరిగింది ఎవరు? యాదగిరి. ఒంటిగంటకు తోట నుంచి తిరిగి వచ్చాడు, అదీ జంగయ్య ఇంటి వెనక దారినే. దానికి తోడు జంగయ్య ఒక లెక్క తీశాడు.

"మూడు గంటలు బోరు నడిస్తే నలభై చెట్లు పారాలె. ఇరవై రెండే పారినయ్. మిగిలిన టైం ఏడికి పోయినవ్రా?"

యాదగిరి నేల చూపులు చూశాడు. "నీళ్లు తక్కువ వచ్చినయ్ పటేలా," అన్నాడు, అంతే. వాణ్ణి కొట్టడానికి ఇద్దరు ముందుకొచ్చారు. నర్సింహ చెయ్యి అడ్డం పెట్టి, "తోట ఈడనేగా, చూసొద్దాం," అన్నాడు.

తోట ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనుకునే ఉంటుంది. మా వాడకట్టుకు, గిర్నికి, ఆ పక్క ఏడెనిమిది బోర్లకు అదే ట్రాన్స్‌ఫార్మర్. నర్సింహ చెట్టు చెట్టుకూ వంగి పాదులు చూశాడు. ఇరవై రెండు పాదులూ అంచుదాకా నిండి ఇంకి ఉన్నాయి. ఒక్కటీ పొర్లలేదు, ఒక్కటీ సగంలో ఆగలేదు. తర్వాత స్టార్టర్ డబ్బా తెరిచి, లోపల చూసి, మళ్లీ మూసేశాడు. యాదగిరి ముఖం మాత్రం మాడిపోయింది.

వచ్చే దారిలో సత్తయ్య ఇంటి ముందు ఆగాం.

"నేను మిరపకాయలు పట్టించనీకి గిర్ని కాడికి పోయిన అన్నా. పది మందిమి ఉన్నం. పదింటికి గిర్ని సురు చేసిండు, రెండు నిమిషాలకే గుయ్యిమని ఆగిపోయింది. పదకొండు దాకా చూసి, మూటలు ఆడనే పెట్టి వచ్చినం. పొద్దున ఆరింటికి లైన్‌మన్ వచ్చి ఫ్యూజు ఏసిండట, ఇప్పుడు పోయి పట్టించుకోవాలె."

నాకు ఇందులో పనికొచ్చేది ఏమీ కనిపించలేదు. ఇది చదువుతున్నవాళ్లకు మాత్రం ఇప్పటికే అన్నీ అందాయి. నర్సింహ దగ్గర ఉన్నదీ ఇంతే, ఒక్క స్టార్టర్ డబ్బాలో చూసింది తప్ప. ఓపిక ఉంటే ఒక నిమిషం ఇక్కడ ఆగండి.

జంగయ్య అరుగు మీద నర్సింహ చాయ్ సగం తాగి మొదలుపెట్టాడు.

"సారూ, రాత్రి పదింటికి త్రీఫేజు రాంగనే ఏమైతది?"

"బోర్లు నడుస్తాయి."

"అన్నిటికీ ఆటో స్టార్టర్లే. అన్నీ ఒక్కసారి లేస్తయ్. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్కసారే బరువు పడ్డది, మూడు ఫ్యూజులల్ల ఒకటి ఎగిరిపోయింది. గిర్ని రెండు నిమిషాలకే ఆగింది అందుకే. గిర్నికి మూడు ఫేజులు కావాలె. మన బల్బుకు ఒకటి చాలు. అందుకే నీ గదిల లైటు ఉన్నది, వీధి లైటు ఉన్నది. ఆ ఫ్యూజు మీద ఉన్న ఇండ్లల్లనే పోయింది. బాలమ్మ ఏమన్నది? బోర్లు మొదలైనయ్, గంతల్నే కరెంటు పోయింది. ఆమె టైం తప్పలేదు. మీరే తప్పిన్రు."

అరుగు మీద మాట ఆగిపోయింది.

"ఇగ సందుగ కిర్రుమన్నది పదీ పదిహేను నిమిషాల లోపల. అప్పుడు సత్తయ్య గిర్ని కాడ పది మంది నడుమ ఉన్నడు. యాదగిరి తోటల ఉన్నడు."

"ఫేజు పోతే బోరు ఎట్ల నడిచింది మరి?" జంగయ్య అడిగాడు.

"డబ్బాల కండెన్సర్ పెట్టుకున్నడు నీకు చెప్పకుండ. రెండు ఫేజుల మీద మోటర్ నడుపుతున్నడు. నీళ్లు సగమే వస్తయ్, అందుకే ఇరవై రెండు చెట్లు. నీకు తెలిస్తే తిడతవని నోరు ఇప్పలే. గని, పాదు నిండంగనే మడవ తిప్పి ఇంకో పాదుకు కట్టాలె. మనిషి అక్కడ లేకుంటే ఒక పాదన్నా పొర్లాలె గద? ఒక్కటీ పొర్లలే. మూడు గంటలు వాడు పార చేత పట్టుకొనే ఉన్నడు."

ఇక మిగిలింది ఎవరో అందరికీ తెలుసు. ఎవరూ అటు చూడలేదు. నర్సింహ మాత్రం అలవాటుగా స్తంభం వైపు చూస్తూ మాట్లాడాడు.

"తీరిగ్గ వచ్చిన దొంగ రెండు కట్టలూ తీసుకపోతడు. ఈ దొంగ ఒకటే తీసుకున్నడు. ఎందుకంటే ముసలామె నిద్రపోయింది అనుకొని వచ్చిండు, ఆమె 'బిడ్డా' అని పిలిచింది. నిద్రపోయిందని ఎందుకు అనుకున్నడు? ఎనకనో ముందటనో చీకట్ల కూసోని ఆ కిటికీ దిక్కే చూస్తున్నడు. లైటు ఆరింది. వీధి లైటు వెలుగుతనే ఉన్నది. కరెంటు ఉన్నదిగద, ముసలామెనే స్విచ్ బంద్ చేసి పండుకున్నది అనుకున్నడు. అంటే పది గంటలకు వాడు ఆ ఫ్యూజు మీద ఉన్న ఏ ఇంట్లనూ లేడు. పన్నెండుకో ఎప్పుడో ఇంటికి పోయి చూస్తే చీకటి. ఇప్పుడే పోయింది కరెంటు అనుకున్నడు." ఆగి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "శేఖరూ, మీ ఇల్లు, మీ చిన్నాయన ఇల్లు ఒకటే తీగ బిడ్డా. రెండు వైర్లూ నా చేతులతోనే కట్టిన. పది నుంచి పన్నెండు దాక ఏ కరెంటుతోని చూసినవ్ సినిమా?"

శేఖర్ ఏదో అనబోయి, అనలేక, తల వంచుకున్నాడు. కట్ట వాళ్ల గడ్డివాములో దొరికింది. బైకు కిస్తీలు, నల్గొండలో ఎవరి దగ్గరో తెచ్చిన చేబదులు, అదంతా తర్వాత వాళ్ల నాన్నకు చెప్పుకుని ఏడ్చాడట. పోలీసుల దాకా పోలేదు. బాలమ్మే వద్దన్నది.

అందరూ లేచి పోతుంటే నర్సింహ యాదగిరిని పిలిచాడు. వాడు బతికిపోయాననుకుని నవ్వుతూ దగ్గరికి వచ్చాడు.

"నవ్వకురా. ఆ కండెన్సర్ ఇయ్యాల్నే పీకెయ్. మోటర్ కాలితే ఆ కట్ట మొత్తం దానికే పోతది."