క్విజ్: జాబ్ అనాలిసిస్, జాబ్ డిస్క్రిప్షన్, జాబ్ స్పెసిఫికేషన్

బీకాం, బీబీఏ విద్యార్థులకు. ముందు ఈ సంగతి చదవండి, ఎక్కువ ప్రశ్నలు దీని చుట్టే తిరుగుతాయి.

మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. బాయిలర్ ఆపరేటర్ మానేశాడు. కొత్త మనిషిని తీసుకునే ముందు మేనేజర్ రెండు షిఫ్టులు బాయిలర్ దగ్గరే నిలబడి జరిగే పనంతా చూశాడు, సూపర్‌వైజర్‌ను అడిగి నోట్స్ రాసుకున్నాడు.

1. మేనేజర్ చేసినదాన్ని ఏమంటారు?
అ) జాబ్ డిస్క్రిప్షన్ ఆ) జాబ్ అనాలిసిస్ ఇ) జాబ్ స్పెసిఫికేషన్ ఈ) జాబ్ ఎవాల్యుయేషన్
జవాబు: ఆ. ఇక్కడ వాడిన పద్ధతులు పరిశీలన, ఇంటర్వ్యూ. ఇది సమాచారం సేకరించే ప్రక్రియ. డిస్క్రిప్షన్, స్పెసిఫికేషన్ అనే రెండు పత్రాలూ దీని నుంచే పుడతాయి. ఎవాల్యుయేషన్ వేరు, అది ఉద్యోగాల విలువను పోల్చి జీతానికి ఆధారం చూపుతుంది.

2. "నీటిమట్టం గేజ్ చూడాలి, ఫర్నేస్‌కు ఊక అందేలా చూసుకోవాలి, ఆవిరి ఒత్తిడి లాగ్‌బుక్‌లో రాయాలి, షిఫ్టు సూపర్‌వైజర్‌కు రిపోర్ట్ చేయాలి." ఇది ఏది?
జవాబు: జాబ్ డిస్క్రిప్షన్.

3. "బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్, అనుభవం ఉండాలి." ఇది?
జవాబు: జాబ్ స్పెసిఫికేషన్.

4. "బాయిలర్ దగ్గర వేడి, ఊక దుమ్ము ఉంటాయి" అన్న వాక్యం ఏ పత్రంలోకి వెళ్తుంది?
జవాబు: జాబ్ డిస్క్రిప్షన్. ఎక్కువ మంది మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. వేడి అనగానే మనిషి ఓపిక గుర్తొచ్చి స్పెసిఫికేషన్ అని టిక్ పెట్టేస్తారు. వాక్యం ఎవరి గురించి చెబుతోందో చూడండి. పని జరిగే చోటు గురించి అయితే డిస్క్రిప్షన్. అదే "వేడిలో షిఫ్టంతా నిలబడగల ఆరోగ్యం ఉండాలి" అంటే మనిషి గురించి, కాబట్టి స్పెసిఫికేషన్. టెన్షన్ పడకుండా ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

5. పొజిషన్ అనాలిసిస్ క్వశ్చనేర్ దేనికి వాడతారు?
జవాబు: జాబ్ అనాలిసిస్‌కు. ఎర్నెస్ట్ మెక్‌కార్మిక్, సహచరులు రూపొందించారు, ఇందులో 194 అంశాలుంటాయి.

6. మేనేజర్ స్పెసిఫికేషన్‌లో "ఏదైనా డిగ్రీ తప్పనిసరి" అని చేర్చాడు. డిస్క్రిప్షన్‌లోని ఏ పనికీ డిగ్రీ అక్కర్లేదు. తప్పెక్కడ?
జవాబు: స్పెసిఫికేషన్‌లోని ప్రతి అర్హత వెనక డిస్క్రిప్షన్‌లో ఒక పని ఉండాలి. ఇక్కడ లేదు. ఇలాంటి ఒక్క షరతుతో పని బాగా తెలిసిన చుట్టుపక్కల నిడమనూరు, హాలియా కుర్రాళ్లు అప్లికేషన్ కూడా పెట్టలేరు. నా దృష్టిలో ఈ క్విజ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

7. మిల్లులో ఊకను తనంతట తానే అందించే ఫీడర్ బిగించారు. ముందుగా ఏం చేయాలి?
అ) స్పెసిఫికేషన్ మార్చాలి ఆ) కొత్త ప్రకటన ఇవ్వాలి ఇ) మళ్లీ జాబ్ అనాలిసిస్ చేయాలి
జవాబు: ఇ. పని మారింది కాబట్టి అనాలిసిస్, ఆ తర్వాత డిస్క్రిప్షన్, చివరికి స్పెసిఫికేషన్.