వజూ, నమాజ్, ఖిబ్లా: మీరడిగిన మాటలు

సుధ గారూ,

వజూ, నమాజ్, ఖిబ్లా అంటే ఏమిటని మధ్యాహ్నం లిఫ్ట్ దగ్గర మీరడిగినదానికి సగమే చెప్పగలిగాను. అడిగినందుకు నిజంగా సంతోషం, మిగతాది తీరిగ్గా రాస్తున్నాను.

మీరు ఫోన్‌లో చూసిన 'వుదూ', 'సలాహ్' అరబ్బీ మాటలు. మన ఊళ్ళలో వజూ, నమాజ్ అంటాం.

నేను చొక్కా చేతులు మడిచి వాష్‌రూమ్‌కి వెళ్ళేది వజూ కోసం, అంటే నమాజ్‌కి ముందు నీళ్ళతో శుభ్రపడటం కోసం. ముందు మణికట్ల దాకా చేతులు కడగాలి. నోరు పుక్కిలించి, ముక్కులోకి నీళ్ళు తీసుకుని చీదాలి. తర్వాత ముఖం, మోచేతుల దాకా చేతులు. తడి చేత్తో తలనీ చెవులనీ ఒకసారి తుడిచి, చివర్లో చీలమండల దాకా పాదాలు, వేళ్ళ సందుల్లో కూడా. అంతా అయ్యేసరికి మనసు కూడా పనిలోంచి బయటికొస్తుంది, నాకు చాలా ఇష్టమైన నిమిషాలవి. అయినా కుళాయి ధారగా వదలను. ముహమ్మద్ ప్రవక్త లీటరు లోపు నీళ్ళతోనే వజూ చేసేవారని, ఆయన మాటలూ చేతలూ చెప్పే హదీసుల్లో ఉంది. నిద్రపోయినా, టాయిలెట్‌కి వెళ్ళినా వజూ పోతుంది, మళ్ళీ చేసుకోవాలి. పోకపోతే అదే వజూతో తర్వాతి నమాజ్ కూడా చదవొచ్చు. అందుకే కొన్నిరోజులు సాయంత్రం నేను వాష్‌రూమ్ వైపు వెళ్ళకుండానే నమాజ్‌కి నిలబడతాను.

రోజుకి ఐదు నమాజ్‌లు: ఫజ్ర్, జుహర్, అసర్, మగ్రిబ్, ఇషా. వీటి వేళలు సూర్యుణ్ణి బట్టి ఉంటాయి కాబట్టి ఏడాది పొడుగునా కొంచెం కొంచెం జరుగుతుంటాయి. ఆఫీసులో మీకు కనిపించేవి మధ్యాహ్నం జుహర్, సాయంత్రం అసర్. జుహర్‌కి చాలాసేపు వ్యవధి ఉంటుంది, మీటింగ్ ఉంటే అరగంట ఆగినా ఇబ్బంది లేదు. మగ్రిబ్ అలా కాదు, సూర్యాస్తమయం తర్వాత వ్యవధి తక్కువ. నిలబడి ఖురాన్ వాక్యాలు చదవడం, నడుము వంచడం, నుదురు నేలకానించి రెండు సజ్దాలు చేయడం, ఇదంతా కలిపి ఒక రకాత్. జుహర్‌లో తప్పనిసరివి నాలుగు రకాత్‌లు. మధ్యలో మాట్లాడితే నమాజ్ చెడిపోతుంది. మొన్న మీరు పిలిస్తే పలకనిది అందుకే, ఏమీ అనుకోకండి.

ఖిబ్లా అంటే మక్కాలోని కాబా ఉన్న దిక్కు. మొదట్లో ముస్లింలు జెరూసలేం వైపు తిరిగి చదివేవారు. మదీనాకి వలస వెళ్ళాక, సుమారు 624లో, కాబా వైపు తిరగమని ఆదేశం వచ్చింది. పడమరకే మొక్కుతామని చాలామంది అనుకుంటారు గానీ, హైదరాబాద్ నుంచి కాబా పడమరకి కాస్త ఉత్తరంగా ఉంటుంది. మన చిన్న మీటింగ్ రూమ్‌లో నేను నమాజ్ చదివే చాపని, అదే జానమాజ్‌ని, గోడకి కొద్దిగా ఏటవాలుగా పరిచేది ఆ లెక్కతోనే. న్యూయార్క్‌లో ఉన్న మా తమ్ముడు ఈశాన్యం వైపు నిలబడతాడు.

నేను నమాజ్‌లో ఉండగా ఆ రూమ్‌లో ఏదైనా కావాలంటే నిరభ్యంతరంగా రండి, నా ముందునుంచి కాకుండా వెనకనుంచి వెళితే చాలు. శుక్రవారం మాత్రం అందరం కలిసి చదివే జుమా నమాజ్ కోసం మసీదుకి వెళ్తాను, ఆ రోజు రివ్యూ మూడింటికి పెట్టుకుందామా?

నజీర్