కూరగాయలు మండిపోతుంటే వడ్డీ రేట్లు ఎందుకు పెంచుతారు?

అకాల వర్షాలకు పంట దెబ్బతింటుంది. మార్కెట్‌కు రావాల్సిన సరుకు సగమే వస్తుంది. కూరగాయల ధరలు చూస్తుండగానే రెట్టింపవుతాయి. కొన్నాళ్లకు కేంద్ర బ్యాంకు గవర్నర్ విలేకరుల ముందుకొచ్చి, ద్రవ్యోల్బణాన్ని అదుపు చేసేందుకు కీలక వడ్డీ రేటును పావు శాతం పెంచుతున్నామని ప్రకటిస్తారు. అది విన్న మామూలు మనిషికి వచ్చే సందేహం ఒకటే. వడ్డీ పెంచితే పంట పండుతుందా? ఒక పక్క కూరగాయల ఖర్చు, ఇంకో పక్క ఇంటి అప్పు వాయిదా, రెండు వైపులా మోత తప్ప ఇందులో జనానికి ఒరిగేదేముంది?

సందేహం న్యాయమైనదే. వడ్డీ పెంచితే పంట పండదు. తడిసిన పొలం ఆరదు, ఆగిపోయిన లారీ కదలదు. ఈ సంగతి కేంద్ర బ్యాంకులకూ బాగా తెలుసు. అయినా కొన్ని సందర్భాల్లో వడ్డీ పెంచుతాయి. ఆ నిర్ణయం గురి కూరగాయల మీద ఉండదు. కూరగాయలతో మొదలైన ధరల పెరుగుదల హోటల్ బిల్లుకు, ఇంటి అద్దెకు, ఆటో చార్జీకి, స్కూలు ఫీజుకు పాకకుండా ఆపడమే దాని ఉద్దేశం.

వడ్డీ రేటు అసలు చేసే పని

బ్యాంకులకు డబ్బు అవసరమైనప్పుడు కేంద్ర బ్యాంకు దగ్గర స్వల్పకాలిక అప్పు తీసుకుంటాయి. దానికి వసూలు చేసే వడ్డీయే కీలక రేటు. అది పెరిగితే బ్యాంకులు తమ ఖాతాదారులకిచ్చే అప్పుల మీదా వడ్డీ పెంచుతాయి. 20 ఏళ్ల గడువుతో 30 లక్షల అప్పు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 8 శాతమైతే నెల వాయిదా సుమారు 25,100. అదే 9 శాతమైతే దాదాపు 27,000. ఆ తేడా మేరకు ఆ కుటుంబం వేరే ఖర్చు తగ్గించుకోవాలి. కొత్తగా అప్పు చేసి బండి కొందామనుకున్నవాళ్లు ఆగుతారు. కొత్త యంత్రం కొనాలనుకున్న కంపెనీ ఆలోచనలో పడుతుంది. డిపాజిట్ మీద వడ్డీ ఎక్కువొస్తుంది కాబట్టి దాచుకునేవాళ్లు పెరుగుతారు. ఇలా లక్షల మంది తలా కాస్త వెనక్కి తగ్గితే మొత్తం గిరాకీ నెమ్మదిస్తుంది. అమ్మేవాళ్లకు ఇష్టమొచ్చినట్టు ధర పెంచే ధైర్యం తగ్గుతుంది.

ఈ మందు పనిచేయడానికి చాలా సమయం పడుతుంది. రేటు పెంచిన ప్రభావం ధరల్లో పూర్తిగా కనిపించాలంటే ఏడాది, ఏడాదిన్నర పడుతుందని సాధారణంగా లెక్కవేస్తారు. కూరగాయల్లో చాలావాటికి రెండు మూడు నెలల్లో కొత్త పంట వచ్చేస్తుంది. వడ్డీ ప్రభావం మొదలయ్యేసరికే ధర దిగిపోయి ఉండొచ్చు. పైగా ఎంత ఖరీదైనా మనిషి కూర మానేయలేడు. అప్పు చేసి కూరగాయలు కొనేవాళ్లూ తక్కువే. కాబట్టి వడ్డీతో వాటి గిరాకీని పెద్దగా తగ్గించలేం. విమర్శకుల వాదనకు బలం ఇక్కడే ఉంది.

ఒకసారి పెరగడం వేరు, పెరుగుతూనే ఉండడం వేరు

అందుకే ధరలు పెరగగానే కేంద్ర బ్యాంకు సాధారణంగా కంగారుపడి వడ్డీ మీద చెయ్యి వేయదు. ముందు ఆగి చూస్తుంది. 2023 జులైలో భారత్‌లో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. ఆ నెల కూరగాయల ధరలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 37 శాతం పెరిగాయి. అప్పటి వినియోగదారుల ధరల సూచీలో కూరగాయల వాటా 6 శాతం మాత్రమే. ఆ చిన్న వాటాతోనే మొత్తం ద్రవ్యోల్బణానికి రెండు పాయింట్లకు పైగా కలిసి, అది 7.44 శాతానికి చేరింది. రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4 శాతం. అటూ ఇటూ రెండు శాతం వరకు సడలింపు ఉంటుంది. అంటే ద్రవ్యోల్బణం గీత దాటేసింది. అయినా ఇక్కడి కీలక రేటైన రెపోను 6.5 శాతం దగ్గరే ఉంచారు. కొత్త పంట రావడంతో సెప్టెంబరుకల్లా ద్రవ్యోల్బణం 5 శాతం దగ్గరికి దిగింది.

మరి అదే రిజర్వ్ బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపోను 4 శాతం నుంచి 6.5 శాతానికి ఎందుకు తీసుకెళ్లింది? అప్పుడు పెరిగినవి కూరగాయలొక్కటే కాదు. ఉక్రెయిన్ యుద్ధంతో ముడి చమురు, వంటనూనె, గోధుమలు, ఎరువుల ధరలు ఒకేసారి ఎగిశాయి. ఆ పెరుగుదల మిగతా వస్తువుల్లోకి, సేవల్లోకి పాకడం మొదలైంది. ఆహారం, ఇంధనం తీసేసి లెక్కగట్టే ద్రవ్యోల్బణాన్ని కోర్ ద్రవ్యోల్బణం అంటారు. అది కూడా అప్పట్లో 6 శాతం చుట్టూ తిరిగింది. పక్కింట్లో పొయ్యి మీద మాడిన వాసనొస్తే ఎవరూ ఫైరింజన్‌కు ఫోన్ చేయరు. నిప్పు గోడ దాటి ఇవతలికొస్తే మాత్రం చేయక తప్పదు. 2022కీ 2023కీ ఉన్న తేడా అదే.

నిప్పు గోడ ఎలా దాటుతుంది

ఫ్రిజ్ పదేళ్లకోసారి కొంటాం. కూరగాయలు దాదాపు రోజూ కొంటాం. అందుకే ధరలెలా ఉన్నాయని అడిగితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నిన్న సంచిలో వేసుకొచ్చిన సరుకే. ప్రభుత్వ సూచీ ఏం చెబుతోందన్నది తర్వాతి మాట. తరచూ కొనే వస్తువుల ధరలను బట్టే జనం రాబోయే ఏడాదిలో మొత్తం ధరలు ఎంత పెరుగుతాయో అంచనా వేసుకుంటారని వివిధ దేశాల సర్వేల్లో తేలింది. ఈ అంచనాలంటే కేంద్ర బ్యాంకులకు పెద్ద టెన్షన్. ఎందుకంటే అవి మనసులో మాటగా మిగిలిపోవు, బేరాల్లోకి వస్తాయి.

ధరలు ఇలాగే పెరుగుతాయని నమ్మిన ఉద్యోగి జీతం పెంచమని గట్టిగా అడుగుతాడు. అడగడంలో తప్పేమీ లేదు, ఇల్లు గడవాలిగా. జీతాలు పెరిగిన యజమాని ఆ భారాన్ని సరుకు ధరలో కలుపుతాడు. అద్దె ఒప్పందం రాసేటప్పుడు ఇంటి యజమాని ఏటా పెంచే శాతాన్ని కాస్త ఎక్కువగా వేస్తాడు. చాలాచోట్ల కరవు భత్యం, పింఛన్లు ధరల సూచీతో ముడిపడి ఉంటాయి. సూచీ పెరిగితే అవీ పెరుగుతాయి. హోటల్ యజమాని భోజనం రేటు పెంచుతాడు. రెండు నెలల తర్వాత కూరగాయలు చవకైనా బోర్డు మీద ఆ రేటు సాధారణంగా వెనక్కి రాదు. మొదటి దెబ్బ వాన కొట్టింది, రెండో దెబ్బ మనం ఒకరికొకరం కొట్టుకున్నది. వానను ఆపే సాధనం ఎవరి దగ్గరా లేదు. రెండోదాన్ని ఆపే సాధనాల్లో ప్రధానమైనది వడ్డీ రేటు. గిరాకీ బలహీనంగా ఉన్నప్పుడు హోటల్ యజమాని రేటు పెంచే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. ధరలను ఇలా వదిలేయబోమని కేంద్ర బ్యాంకు చేతల్లో చూపిస్తే, జీతాలూ అద్దెలూ మాట్లాడుకునేవాళ్లు కూడా ఆ మేరకు తమ అంచనా తగ్గించుకుంటారు.

ఆదాయంలో ఎక్కువ భాగం తిండికే పోయే దేశాల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 2012 ఆధార సంవత్సరంగా లెక్కగట్టిన భారత సూచీలో ఆహారం, పానీయాల వాటా దాదాపు 46 శాతం. అమెరికాలో ఆహారం వాటా సుమారు 14 శాతం. అక్కడ కూరగాయలు పెరిగితే విసుగు, ఇక్కడ పెరిగితే నెల బడ్జెట్టే తలకిందులు. ఆహారాన్ని పక్కనపెట్టి కోర్ ద్రవ్యోల్బణం ఒక్కటే చూసుకుంటే చాలదా అన్న చర్చ చాలాకాలంగా ఉంది. నా ఉద్దేశంలో చాలదు. సంపాదనలో సగం తిండికే ఖర్చుపెట్టే కుటుంబంతో, తిండి లెక్కలోకి రాదని చెప్పే విధానానికి నమ్మకం దక్కదు. ఒక నెల ఒక కూర, మరో నెల ఇంకో కూర, ఆ తర్వాత పప్పులు, ఇలా వరసగా పెరుగుతూ పోతే దాన్ని తాత్కాలికం అనడం కూడా కష్టమే.

పక్కదారిన వచ్చే ప్రభావాలు

వడ్డీ నేరుగా కూరగాయలను తాకకపోయినా, వాటి చుట్టూ ఉన్న ఖర్చులను కొంత తాకుతుంది. దేశంలో వడ్డీ ఎక్కువుంటే విదేశీ పెట్టుబడి వచ్చే అవకాశం పెరుగుతుంది, కరెన్సీ విలువ నిలబడుతుంది. దిగుమతి చేసుకునే డీజిల్, ఎరువులు, వంటనూనె ఆ మేరకు అదుపులో ఉంటాయి. ఉల్లి, బంగాళాదుంప, వెల్లుల్లి లాంటి నిల్వ ఉండే సరుకును అప్పు డబ్బుతో కొని, ధర పెరిగేదాకా గోదాములో పెట్టేవాళ్లకు వడ్డీ పెరిగితే నిల్వ ఖర్చు పెరుగుతుంది.

దీనికి విరుద్ధంగా చేస్తే ఏమవుతుందో టర్కీలో కనిపించింది. ధరలు పెరుగుతున్న సమయంలో అక్కడి కేంద్ర బ్యాంకు 2021 సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య కీలక రేటును 19 నుంచి 14 శాతానికి తగ్గించింది. అక్కడి కరెన్సీ లీరా కుప్పకూలింది. 2022 అక్టోబరుకల్లా ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. ఆహార ధరలు అంతకన్నా వేగంగా పెరిగాయి. యుద్ధం, చమురు ధరల పాత్రా ఉంది కానీ, అవే దెబ్బలు తిన్న చాలా దేశాల్లో పరిస్థితి అంత దూరం వెళ్లలేదు.

తొందరపడితే ఎవరికి నష్టం

వడ్డీ పెంచడమూ ఉచితంగా అయ్యే పని కాదు. 2008 జులైలో చమురు, ఆహార ధరలు మండుతున్నాయని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు కీలక రేటును 4 నుంచి 4.25 శాతానికి పెంచింది. అప్పటికే ఆర్థిక వ్యవస్థ మందగిస్తోంది. సెప్టెంబరులో ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చింది. అక్టోబరులోనే రేటు తగ్గించాల్సి వచ్చింది, 2009 మేకల్లా అది 1 శాతానికి దిగింది. సరఫరా దెబ్బకు గిరాకీ మందు వేస్తే రోగి ఇంకా నీరసపడతాడని ఆర్థికవేత్తలు హెచ్చరించేది ఇందుకే. ఆ నీరసం అందరికీ సమానంగా రాదు. డిపాజిట్లున్నవాళ్లకు లాభం. అప్పున్నవాళ్లకు, చిన్న వ్యాపారులకు, పని దొరక్క ఎదురుచూసే యువతకు నష్టం. కూరగాయల ధరతో ముందే సతమతమవుతున్నవాళ్లలో వీళ్లే ఎక్కువ.

కాబట్టి ప్రభుత్వం చేయాల్సిన పనిని కేంద్ర బ్యాంకు నెత్తిన వేయడం సరికాదు. శీతల గిడ్డంగులు, పొలం నుంచి మార్కెట్‌కు రవాణా, ముందస్తు పంట అంచనాలు, అవసరమైనప్పుడు దిగుమతి సుంకాల తగ్గింపు, ఇవన్నీ ప్రభుత్వాల చేతిలోవి. కూరగాయల ధరను నిజంగా దించేవి అవే.

ఈసారి వడ్డీ నిర్ణయం వచ్చినప్పుడు పావు శాతం పెంచారా లేదా అన్నదానితో పాటు ప్రకటనలో మరో రెండు అంకెలు వెతకండి. ఒకటి కోర్ ద్రవ్యోల్బణం. రెండోది వచ్చే ఏడాది ధరల మీద కుటుంబాల అంచనా. ఈ రెండూ కదలకుండా ఉన్నా వడ్డీ పెంచితే కారణమేంటని గట్టిగా అడగాల్సిందే. రెండూ పైకి పోతుంటే మాత్రం ఆ పెంపు కూరగాయల కోసం చేసింది కాదని అర్థం చేసుకోవచ్చు.